బస్సులో కనిపించిన ఆంటీ

ఇలా రా కన్నా, నా పక్కన పడుకో. సాయంత్రం బస్సులో ఎదురు సీటు ఆంటీని వేలితో చూపించి, "అమ్మా, ఆమె చేతుల మీద ఆ తెల్ల మచ్చలేమిటి?" అని గట్టిగా అడిగావు కదా. నేను నీ చెయ్యి కిందికి లాగి "ష్" అన్నానే తప్ప జవాబు చెప్పలేదు. అది నా తప్పు. ఇప్పుడు చెబుతాను.

మన చర్మంలో కంటికి కనిపించనంత చిన్న కణాలు బోలెడు ఉంటాయి. వాటిలో కొన్నింటి పని రంగు తయారుచేయడం. ఆ రంగు పేరు మెలనిన్. ఎండ నుంచి చర్మాన్ని కాపాడేది అదే. అది ఎక్కువగా తయారయ్యేవాళ్ళు నల్లగా ఉంటారు, తక్కువగా తయారయ్యేవాళ్ళు తెల్లగా ఉంటారు. కొందరికి చర్మంలో అక్కడక్కడ ఆ కణాలు లేకుండా పోతాయి. అప్పుడు ఆ చోటు తెల్లబడుతుంది. దాన్ని బొల్లి అంటారు. ముట్టుకున్నా, పక్కన కూర్చున్నా అది మనకు అంటుకోదు. అది రావడానికి వాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

నీకు నాన్నలాగా ఉంగరాల జుట్టు, నాలాగా చిన్న ముక్కు వచ్చాయి చూడు. ఎలా పెరగాలో మన ఒంటికి చెప్పే సూచనలు సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. ఆ సూచనల్లో ఒక చిన్న మార్పు ఉన్నా కొందరి ఎముకలు పొడవు పెరగవు. పెద్దయినా వాళ్ళు నీ అంతే ఉండవచ్చు. ఇంకొందరు పుట్టినప్పుడు ఒకలా ఉండి, తరవాత కాలిన గాయం వల్లో, ప్రమాదం వల్లో మారతారు.

నీ ముందు పన్ను ఊడిన రోజు గుర్తుందా? పిల్లలందరూ నీ నోటివైపే చూస్తుంటే చేత్తో మూసుకున్నావు. అన్నం తినడానికి కూడా నోరు తెరవనన్నావు. నీకది ఒక్కరోజే. ఆ ఆంటీని బస్సులో, దుకాణంలో, వీధిలో రోజూ ఎవరో ఒకరు అలా చూస్తూనే ఉంటారేమో. నువ్వు వేలు చూపగానే అందరూ అటు తిరిగారు. ఆమె చేతులు రెండూ సంచి కింద పెట్టుకుంది. నేను చూశాను. నాకు చాలా బాధేసింది.

కొత్తగా కనిపిస్తే కళ్ళు అటు వెళతాయి, అది తప్పు కాదమ్మా. ఆమె నిన్ను చూస్తే ఒక నవ్వు నవ్వి చూపు తిప్పుకో. అడగాలనిపించింది దాచుకుని, ఇంటికొచ్చాక నన్ను అడుగు. ఏదైనా అడగవచ్చు, కోప్పడను.

మళ్ళీ కనిపిస్తే సారీ చెప్పాలా అంటున్నావా? అందరి ముందూ వద్దు, మళ్ళీ అందరూ ఆమెనే చూస్తారు. పక్కన చోటుంటే వెళ్ళి కూర్చుందాం. ఆమె మాట్లాడితే, నీకు కొత్తగా వస్తున్న పన్ను చూపించు.