నిన్న రాత్రి పంపిన మెసేజ్ బదులు ఇది చదవండి: చలానా పేరుతో వస్తున్న ఫైల్ గురించి

అందరికీ నమస్కారం. "అర్జెంట్! మన కాలనీలో ఇరవై మంది అకౌంట్లు ఖాళీ" అంటూ నిన్న రాత్రి నేను ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌ని తీసేశాను. మీరు వేరే గ్రూపులకు పంపి ఉంటే దయచేసి అక్కడా తీసేసి, ఇది పెట్టండి.

జరిగింది ఇదీ. మంగళవారం సాయంత్రం బి బ్లాకులో ఒక పెద్దాయనకు, తెలిసినవాళ్ల నంబరు నుంచే వాట్సాప్‌లో ఒక ఫైల్ వచ్చింది. పేరు RTO CHALLAN.apk. మీ బండి మీద చలానా ఉంది, ఫోటో చూసుకోండి అని కింద రాసి ఉంది. ఆయన ఇన్‌స్టాల్ చేసి, అడిగినవాటన్నిటికీ Allow నొక్కారు. కాసేపటికి రెండు దఫాలుగా 18,400 రూపాయలు పోయాయి. అదే ఫైల్ ఆయన నంబరు నుంచి బంధువులకూ వెళ్లింది. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. డబ్బు పోయిందని మన దగ్గర నాతో చెప్పింది ఆయన ఒక్కరే. "ఇరవై మంది" అన్న మాట ఎక్కడ పుట్టిందో ఎవరూ చెప్పలేకపోయారు.

పేరు చివర .apk ఉంటే అది ఫోటో కాదు, యాప్. ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి ఇచ్చామంటే మన ఓటీపీలు వాళ్ల చేతికి వెళ్తాయి. మెసేజ్ వచ్చినంత మాత్రాన డబ్బు పోదు, ఇన్‌స్టాల్ చేయకుండా డిలీట్ చేస్తే చాలు. "ఫోన్ ఎత్తితే చాలు, అకౌంట్ ఖాళీ" అన్నదానికి నాకు ఏ ఆధారమూ దొరకలేదు. చలానా ఉందేమోనని అనుమానం ఉంటే పోలీసుల ఈ-చలానా సైట్‌ని మీరే తెరిచి బండి నంబరు కొట్టి చూడండి.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపేయండి. ఇంకో ఫోన్ నుంచి మీ బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి. cybercrime.gov.inలో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ. మన పెద్దాయన మాత్రం కొడుకు తిడతాడేమోనని ఫోన్ బోర్లా పెట్టుకుని, ఛార్జింగ్ లేదని ఇంట్లో చెప్పి, రాత్రంతా అలాగే కూర్చున్నారు. తెల్లారాకే 1930కి ఫోన్ చేశారు. ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలాంటిది చెబితే ముందు ఫోన్ చేయించండి, తర్వాత ఏమైనా మాట్లాడుకోవచ్చు.

ఇంకో మాట. మన నంబర్లు వాచ్‌మన్ ఇచ్చాడని నిన్నటి మెసేజ్‌లో ఉంది. అలా అనడానికి ఏ ఆధారమూ లేదు. చూసుకోకుండా పంపింది నేనే. పొద్దున గేటు దగ్గరికి వెళ్లి అతనికి క్షమాపణ చెప్పాను. ఈ విషయంలో అతన్నెవరూ ఏమీ అనకండి.

అలాంటి ఫైల్ వచ్చి ఏం చేయాలో తెలియకపోతే నాకు చూపించండి. రాత్రి పదింటి వరకు సి-204లోనే ఉంటాను.

– సెక్రటరీ