బ్యాంకు ధ్రువీకరణ కోరుతూ ఆడిటర్ లేఖ

గుంటూరు,
7 ఏప్రిల్ 2025

శాఖ మేనేజర్ గారికి,
మిర్చి యార్డు శాఖ, గుంటూరు.

విషయం: కృష్ణతీర కోల్డ్ స్టోరేజి ప్రైవేట్ లిమిటెడ్ – 31 మార్చి 2025 నాటి ఖాతా నిల్వలు, రుణ సదుపాయాల ధ్రువీకరణ.

అయ్యా,

పై కంపెనీకి 2024-25 ఆర్థిక సంవత్సరానికి మేము చట్టబద్ధ ఆడిటర్లం. వారి ఖాతాల వివరాలు మాకు తెలియజేయడానికి అనుమతిస్తూ ఇద్దరు డైరెక్టర్లు సంతకం చేసిన పత్రాన్ని దీనితో జతపరిచాము.

కంపెనీ పుస్తకాల్లోని అంకెలను ఈ లేఖలో కావాలనే రాయలేదు. మా అంకె సరేనని మీరు టిక్కు పెట్టడం కాక, మీ రికార్డుల్లో ఉన్న అంకె మాకు కావాలి. 31 మార్చి 2025 పనివేళలు ముగిసేనాటికి కంపెనీ పేరిట ఉన్న కరెంటు, క్యాష్ క్రెడిట్, టర్మ్ లోన్, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఖాతాలన్నింటి నిల్వలు తెలపండి. ఏడాదిలో మూసివేసిన ఖాతాలను కూడా చేర్చండి. డిపాజిట్లలో వేటిపై లీన్ ఉందో విడిగా రాయండి. ఆ తేదీకి లెక్కకట్టి ఇంకా ఖాతాలో వేయని వడ్డీ ఉంటే అదీ కావాలి.

రుణాల విషయంలో మంజూరైన పరిమితి, వడ్డీ రేటు, గడువు తేదీ, మార్చి స్టాకు స్టేట్‌మెంటుపై మీరు లెక్కించిన డ్రాయింగ్ పవర్, తనఖాలో ఉన్న ఆస్తులు, డైరెక్టర్ల వ్యక్తిగత హామీలు తెలియజేయండి. వాయిదా బకాయిలుంటే ఎన్ని రోజులవో పేర్కొనండి.

మరో అంశాన్ని ప్రత్యేకంగా చూడమని కోరుతున్నాము. ఈ కోల్డ్ స్టోరేజిలో నిల్వ చేసిన మిర్చి రసీదులపై రైతులకు, వ్యాపారులకు మీ శాఖ రుణాలిచ్చి ఉంటే, వాటికి కంపెనీ హామీదారుగా ఉందా? ఉంటే ఎంత మొత్తానికి? సరుకు తరుగుకు, నష్టానికి కంపెనీ బాధ్యత వహిస్తూ రాసిచ్చిన పత్రాలేమైనా మీ వద్ద ఉన్నాయా? ఈ రుణాలు కంపెనీ ఖాతాల్లో ఎక్కడా కనిపించవు. హామీ ఉందో లేదో మీ జవాబే చెప్పాలి. విద్యుత్ సంస్థకు ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ, ఎల్‌సీలు ఉంటే వాటి వివరాలు కూడా రాయండి.

లేనివాటిని ఖాళీగా వదలక ‘లేదు’ అని రాయండి. ఖాళీ గడిని మేము జవాబుగా తీసుకోలేము.

ఆడిటింగ్ ప్రమాణం ఎస్‌ఏ 505 ప్రకారం జవాబు నేరుగా మాకే అందాలి. గత ఏడాది సీలు వేసిన కవరు కంపెనీ గుమాస్తా ద్వారా రావడంతో మళ్లీ తెప్పించుకోవలసి వచ్చింది. ఈసారి మా చిరునామా రాసి, స్టాంపులు అంటించిన కవరు పంపుతున్నాము. అధీకృత అధికారి పేరు, హోదా, సంతకం, శాఖ ముద్రతో 25 ఏప్రిల్ లోగా పంపగలరు. ఇందుకు రుసుము ఉంటే కంపెనీ కరెంటు ఖాతాలో ఖర్చు రాసుకోవడానికి అనుమతి పత్రంలోనే అంగీకారం ఉంది.

భవదీయులు,
ఎం. సుధాకరరావు
భాగస్వామి
సుధాకరరావు అండ్ కో, చార్టర్డ్ అకౌంటెంట్లు

జతపరిచినవి: డైరెక్టర్ల అనుమతి పత్రం, జవాబు కవరు
ప్రతి: కంపెనీ డైరెక్టర్లకు, సమాచారం కోసం