విషయం: విజయవాడ గోడౌన్ స్టాక్‌కీ ఖమ్మం కౌంటర్ బిల్లుకీ మధ్య తేడా గురించి

ప్రసాద్ గారూ, నమస్కారం.

నా పేరు కిరణ్. విజయవాడలో ఐదుగురం కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ నడుపుతున్నాం, సూపర్‌మార్కెట్లకీ హోల్‌సేల్ వాళ్లకీ మాత్రమే పని చేస్తాం. మీకూ నాకూ పరిచయం లేదు, అందుకే సూటిగా విషయానికి వస్తాను.

పోయిన వారం మీ ఖమ్మం స్టోర్‌లో సరుకులు కొన్నాను. ఒకే షాంపూ, ఒకే బార్‌కోడ్, ర్యాక్‌లో మాత్రం రెండు ఎంఆర్‌పీల సీసాలు కలిసి ఉన్నాయి. స్కాన్ చేయగానే స్క్రీన్ మీద రెండు ధరలూ వచ్చాయి, కౌంటర్‌లో ఉన్న అమ్మాయి సీసా తిప్పి చూసి సరైనదే ఎంచుకుంది. పాపం, వెనక క్యూ ఉంది. రద్దీలో తప్పు ధర నొక్కితే మీకు నష్టమైనా రావాలి, లేదా ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకున్నారని లీగల్ మెట్రాలజీ కేసైనా పడాలి. 2025 సెప్టెంబర్ 22న షాంపూ, సబ్బు, టూత్‌పేస్టు మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగినప్పుడు చాలా షాపుల్లో ఇదే తలనొప్పి, పాత ధర కొత్త ధర ఒకే ర్యాక్‌లో.

ఇంకోటి, ఇది నా ఊహ, తప్పైతే చెప్పండి. విజయవాడ గోడౌన్ నుంచి ఖమ్మం వెళ్లే సరుకు రాష్ట్రం దాటుతుంది కాబట్టి, కంపెనీ మీదే అయినా జీఎస్టీ నంబర్ వేరు, ట్యాక్స్ ఇన్వాయిస్ తప్పదు, 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కూడా. స్టోర్ వాళ్లు ఇండెంట్ వాట్సాప్‌లో పెట్టడం, గోడౌన్‌లో దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించడం, మళ్లీ పోర్టల్‌లో కొట్టడం... మేం చూసిన చాలా చోట్ల ఇలాగే నడుస్తోంది. లారీ ముందొచ్చి ఇన్‌వర్డ్ ఎంట్రీ తర్వాత పడితే సిస్టమ్‌లో నెగటివ్ స్టాక్ చూపిస్తుంది, ఇక నెలాఖరున ఆడిటర్‌తో అందరికీ టెన్షన్.

మేం మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చమని అడగం. అది అలాగే ఉంటుంది. ఇండెంట్ నుంచి ఇన్వాయిస్, ఈ-వే బిల్లు, స్టోర్‌లో ఇన్‌వర్డ్ దాకా ఒకసారి కొట్టిన ఎంట్రీయే వెళ్లేలా మధ్యలో లింకు కడతాం, ఎంఆర్‌పీని బ్యాచ్ వారీగా విడదీస్తాం. మీ సాఫ్ట్‌వేర్ డేటా బయటికి ఇవ్వనిదైతే ఈ పని కుదరదు, ఆ మాట మొదటి రోజే చెప్పేస్తాం.

ముందు ఒక్క ఖమ్మం స్టోర్‌లో మూడు వారాలు నడిపి చూద్దాం. 60,000 రూపాయలు, జీఎస్టీ అదనం, స్టాక్ లెక్క కుదిరాకే ఇవ్వండి. మిగతా స్టోర్ల సంగతి తర్వాత.

వచ్చే బుధవారమో గురువారమో పొద్దున లోడింగ్ టైమ్‌కి మీ గోడౌన్‌కి రానా? అరగంట చాలు, ప్రెజెంటేషన్లేమీ ఉండవు, మీ స్టోర్‌కీపర్ పక్కన నిలబడి చూస్తాను. మీ ఐటీ వాళ్లు ఇప్పటికే ఈ పని మీద ఉంటే ఒక్క లైన్ రాయండి, మళ్లీ మెయిల్ పెట్టను.

ఉంటానండీ,
కిరణ్
విజయవాడ