డిసెంబరు 2025 రిటైనర్ బిల్లు, నవంబరు అదనపు గంటలతో

బిల్లు నం.: 2025-26/09
తేదీ: 1 డిసెంబరు 2025, విశాఖపట్నం
నుంచి: ఆహార భద్రత కన్సల్టెంట్, సీతమ్మధార
కు: మేనేజింగ్ పార్ట్‌నర్ గారికి, రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్, అచ్యుతాపురం

డిసెంబరు రిటైనర్ (24 గంటలు, ముందస్తు): రూ. 48,000
నవంబరు అదనపు సమయం, 2.5 గంటలు × రూ. 2,400: రూ. 6,000
మొత్తం: రూ. 54,000
సెక్షన్ 194జే కింద 10% టీడీఎస్: రూ. 5,400
చెల్లించవలసినది: రూ. 48,600 (నలభై ఎనిమిది వేల ఆరు వందల రూపాయలు మాత్రమే)

నా వార్షిక రాబడి 20 లక్షల లోపే కాబట్టి జీఎస్‌టీ నమోదు లేదు, అందుకే ఈ బిల్లులో పన్ను వేయలేదు. ప్లాంటుకు రాకపోకలకు మీరే కారు పంపుతున్నారు, ప్రయాణ ఖర్చు కూడా లేదు.

నవంబరులో గంటలు ఎలా ఖర్చయ్యాయంటే

6, 20 తేదీల్లో ప్లాంటు తనిఖీకి 12 గంటలు. రికార్డుల పరిశీలనకు 7.5. ఇది మామూలు కంటే ఎక్కువే, కారణం 20న చూసిన చిల్ రూమ్ రిజిస్టర్. తలుపు పక్క డిస్‌ప్లే 3.1 డిగ్రీలు చూపిస్తుంటే, రిజిస్టర్‌లో పొద్దుటి నుంచీ ప్రతి గంటకూ ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో 2.0 అని ఉంది. ఉష్ణోగ్రతకు ఇబ్బంది లేదు, రాసిన తీరుకే ఇబ్బంది. కొనుగోలుదారు ఆడిటర్ కంట్లో పడితే మిగతా రికార్డులనూ నమ్మడు. అందుకని మూడు వారాల పేజీలు వెనక్కి వెళ్లి చూడాల్సి వచ్చింది. సూపర్‌వైజర్ల శిక్షణకు 3, హ్యాసప్ ప్లాన్ సవరణకు 3.5, విదేశీ కొనుగోలుదారు పంపిన ప్రశ్నావళికి 5. అన్నీ కలిపి 31.

సెప్టెంబరులో 9 గంటలు మిగిలితే, పరిమితి ప్రకారం 6 అక్టోబరుకు వచ్చాయి, 3 రద్దయ్యాయి. అక్టోబరులో 25.5 వాడారు. ముందు ఆ పాత 6, తర్వాత ఆ నెలవి 19.5. మిగిలిన 4.5 నవంబరుకు చేరి 28.5 అయ్యాయి. ప్రశ్నావళి సగంలో ఉండగా అవి అయిపోయాయి. మిగతా 2.5 గంటలకు 22వ తేదీ శనివారం మీరు వాట్సాప్‌లో సరే అన్నాకే పని సాగించాను. డిసెంబరుకు పాత గంటలేమీ లేవు.

రిటైనర్‌లో ఉన్నవి, లేనివి

నెలకు రెండు తనిఖీలు, రికార్డుల పరిశీలన, హ్యాసప్ ప్లాన్ నిర్వహణ, ఒక శిక్షణ, ఆడిటర్ల, కొనుగోలుదారుల ప్రశ్నలకు జవాబుల తయారీ. ల్యాబ్ పరీక్షలు, ప్రభుత్వ రుసుములు ఇందులో రావు. కొత్త ఉత్పత్తికి ప్లాన్ మొదటినుంచి రాయడం వేరే పని, దానికి వేరే కొటేషన్ ఇస్తాను. రోజువారీ రిజిస్టర్లు నింపడం, సంతకాలు పెట్టడం మీ సిబ్బందే చేయాలి. అది నేను చేస్తే తనిఖీకి అర్థమే ఉండదు.

అదనపు గంటలు

నెల గంటల్లో నాలుగు మాత్రమే మిగిలినప్పుడు మీకు మెసేజ్ పెడతాను. ఆపైన మీరు రాతపూర్వకంగా ఒప్పుకున్నంతకే గంటకు రూ. 2,400 పడుతుంది. ఒప్పుకోకపోతే పని వచ్చే నెలకు వెళ్తుంది. లెక్క పావుగంట చొప్పున. రెండు నిమిషాల ఫోన్లు లెక్కలోకి రావు.

మిగిలిన గంటలు

గరిష్ఠంగా 6 గంటలు వచ్చే నెలకు వస్తాయి, ముందు వాడేది వాటినే. ఆ నెలలోనూ వాడకపోతే రద్దు. డబ్బుగా తిరిగి ఇవ్వను, వచ్చే బిల్లులో తగ్గించను కూడా. ఆ గంటలు మీకోసం పక్కన పెట్టి వేరే పని ఒప్పుకోలేదు కనుక.

రెండు మినహాయింపులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, ఆ రోజుల్లో మీకు సముద్రపు రొయ్య తగ్గి నాతో పనీ తగ్గుతుంది. కాబట్టి మే, జూన్ నెలల్లో మిగిలే గంటలకు పరిమితి 10, జులై ఆఖరు వరకు వాడుకోవచ్చు. ఇక నేను అందుబాటులో లేక మిగిలిపోయిన గంటలకు పరిమితీ లేదు, గడువూ లేదు. ఆ తప్పు మీది కాదు. ఒప్పందం ముగిస్తే 30 రోజుల నోటీసు, మిగిలినవి ఆ నెలలోనే వాడుకోవాలి.

చెల్లింపు

డిసెంబరు 16 లోగా, ఒప్పందంలో రాసిన బ్యాంకు ఖాతాకే. ఖాతా మారిందని నా పేరుతో మెయిల్ వస్తే డబ్బు పంపేముందు ఫోన్ చేసి అడగండి. నాది ఉద్యం నమోదున్న సూక్ష్మ సంస్థ, కాబట్టి గడువులోగా ఇవ్వని సొమ్ము 43బీ(హెచ్) కింద ఆ ఏడాది ఖర్చుగా చూపలేకపోవచ్చు, మీ ఆడిటర్‌కు ఈ మాట చెప్పండి. టీడీఎస్ ఫారం 16ఏ త్రైమాసికం ముగిశాక పంపగలరు. లెక్కలో తేడా కనిపిస్తే వారంలోగా తెలియజేయండి, గంటల డైరీ నకలు పంపుతాను.

సంతకం
ప్రొప్రైటర్, ఆహార భద్రత కన్సల్టెన్సీ