షేక్ రేష్మా స్టూడియో రుణానికి సిఫార్సు లేఖ

నెల్లూరు,
02-06-2025

బ్యాంక్ మేనేజర్ గారికి,
కావలి శాఖ.

విషయం: షేక్ రేష్మా ముద్ర రుణ దరఖాస్తు గురించి.

అయ్యా,

నేను నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో లేడీస్ బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. 2017 నుంచి నా దగ్గర పనిచేస్తున్న షేక్ రేష్మా ఈ నెలాఖరుకు మానేసి, కావలిలో సొంతంగా బ్రైడల్, హెయిర్ స్టూడియో పెట్టుకుంటోంది. ముద్ర పథకం కిశోర్ విభాగంలో నాలుగు లక్షలకు మీ దగ్గర దరఖాస్తు పెట్టింది. ఈ రుణానికి ఆస్తి తాకట్టు అడగరు కాబట్టి మనిషిని చూసే ఇవ్వాలి. ఆ మనిషి గురించి నాకు తెలిసింది రాస్తున్నాను.

చేరేనాటికి ఆమెకు థ్రెడింగ్, వ్యాక్సింగ్ తప్ప ఏమీ రావు. రెండేళ్లు తిరిగేసరికి కటింగ్, కలరింగ్, స్మూతనింగ్ అన్నీ పట్టేసింది. 2020 లాక్‌డౌన్ తర్వాత షాపు తెరిచినా జనం రాని రోజుల్లో సగం జీతానికే పనిచేసింది కానీ ఇంకో చోటికి పోలేదు. అప్పటి నుంచి పెళ్ళికూతుళ్ల పని మొత్తం ఆమె చేతిమీదే నడుస్తోంది.

ముహూర్తం తెల్లవారుజామున నాలుగింటికైతే మేకప్ అర్ధరాత్రి దాటగానే మొదలవ్వాలి. మే నెల ఉక్కలో, ఏసీ పనిచేయని కల్యాణమండపం గదిలో రేష్మా పని చూడాలి. ముందు ముఖానికి ఐసు రాసి తుడుస్తుంది. ఫౌండేషన్ పల్చగా ఒక పూత వేసి, పౌడరు అద్ది, అది కుదురుకున్నాకే రెండోది వేస్తుంది. మల్లెపూల జడ ముందే కుట్టేసి కూర్చోదు, పూలు వాడిపోతాయని చివర్లో కుడుతుంది. నిఖా అయినా, మన పెళ్ళయినా ఇంట్లో పెద్దవాళ్లకు నచ్చేట్టు చేస్తుంది. అది అందరికీ వచ్చే విద్య కాదు.

పనితనం కంటే నాకు ఆమెలో నచ్చేది, కుదరదని చెప్పాల్సిన చోట చెప్పే ధైర్యం. ఒకసారి పెళ్ళి నాలుగు రోజుల్లో ఉందనగా ఒక అమ్మాయి జుట్టంతా కలర్ వేయమని వచ్చింది. రేష్మా చెవి వెనక కాస్త రంగు రాసి, 48 గంటలు చూద్దామంది. మర్నాటికే అక్కడ ఎర్రగా కమిలి దురద పెట్టింది. ఇక వేయనని చెప్పేసింది. వాళ్లమ్మ, 'పక్క పార్లర్లో అడగ్గానే వేస్తారు, మీకే ఈ చాదస్తం' అని షాపంతా వినిపించేట్టు అరిచింది. రేష్మా మాట మార్చలేదు. మాకు ఆ బిల్లు పోయింది. మరుసటి ఏడాది వాళ్ల రెండో కూతురి పెళ్ళికి ఆవిడే ఫోన్ చేసి, రేష్మా ఉందా అని అడిగింది.

ఒక లోపం కూడా చెప్పాలి. క్యాష్ కౌంటర్ ఆమెకు అప్పగించి ఊళ్లకు వెళ్లేదాన్ని, లెక్కలో ఎన్నడూ తేడా రాలేదు. కానీ తన కష్టానికి తాను ధర చెప్పుకోవడంలో మొహమాటం ఎక్కువ. తెలిసినవాళ్లంటే చాలు, అడ్వాన్స్ లేకుండానే డేటు రాసేసుకుంటుంది. దీని గురించి గట్టిగా చెప్పాను. ఇప్పుడు రేట్ల బోర్డు రాయించుకుంది, సగం అడ్వాన్స్ లేనిదే బుకింగ్ లేదని అందులోనే పెట్టింది.

ఎస్టిమేట్‌లో వాటర్ సాఫ్ట్‌నర్ చూసి ఇదెందుకని మీకు అనిపించొచ్చు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే కలర్ త్వరగా మాసిపోతుంది, జుట్టు గరుకెక్కుతుంది. అది కొట్టేయకండి. కుర్చీలు అందులో లేవు, ఎందుకంటే నా దగ్గరున్న పాత హైడ్రాలిక్ కుర్చీలు రెండు, షాంపూ స్టేషన్ కలిపి అరవై వేలకు నేనే ఇస్తున్నాను. ఆ డబ్బు ఆరు నెలల తర్వాతే తీసుకుంటాను. మీ వాయిదాలకు అడ్డు రాను.

మా ఆదాయం నెల నెలా ఒకేలా ఉండదు. ఆషాఢంలో, మూఢాల్లో పెళ్ళి బుకింగులు పెద్దగా ఉండవు, కటింగులు, ఫేషియల్స్ మీదే అద్దె, కరెంటు గడవాలి. ఈ ఆషాఢంలో సామాను బిగించుకుని శ్రావణానికి తెరవాలని ఆమె అనుకోవడం కూడా అందుకే. వీలైతే మొదటి వాయిదా ఆ శ్రావణం పెళ్ళిళ్లయ్యాక పడేట్టు చూడండి.

నా కస్టమర్లు కొందరు ఆమె వెంట పోతారు. కావలి, బిట్రగుంట నుంచి ఇన్నాళ్లూ బస్సెక్కి నా దాకా వచ్చిందే ఆమె చేతి కోసం. వాళ్ల నంబర్లు ఆమె అడగలేదు, నేనే రాసిచ్చాను.

జీతం నెలకు ఇరవై నాలుగు వేలు, బ్యాంకు ఖాతాలోనే వేశాను. గత ఏడాది జీతం వివరాలు, ఆమె చేసిన బ్రైడల్ బుకింగుల జాబితా జత చేస్తున్నాను. ఇంకేమైనా కావాలంటే మంగళవారం ఫోన్ చేయండి, మాకు ఆ రోజు సెలవు. మిగతా రోజుల్లో చేతులకు రంగు ఉంటుంది, ఫోన్ ఎత్తడం ఆలస్యమవుతుంది.

ఇట్లు,
పి. విజయలక్ష్మి
పార్లర్ యజమాని, మాగుంట లేఅవుట్, నెల్లూరు