బీకాం కంప్యూటర్ అప్లికేషన్స్, ఎంఐఎస్ రెండో యూనిట్ క్విజ్: ఏ పనికి ఏ సిస్టమ్? (కీతో సహా)

మార్కులు: 20. సమయం: 40 నిమిషాలు. క్యాలిక్యులేటర్ తెచ్చుకోవచ్చు, ఫోన్ మాత్రం బ్యాగులోనే ఉండాలి. తప్పు రాసినా మార్కులు తగ్గించం కాబట్టి ఏ ప్రశ్నా ఖాళీగా వదలకండి.

మొదటి భాగం: జతపరచండి (12 మార్కులు)

ప్రతి పని ఎదురుగా కింది నాలుగు అక్షరాల్లో ఒకటి రాయండి. ఒకే అక్షరం ఎన్నిసార్లయినా రావచ్చు. నాలుగూ సమానంగా వస్తాయని లెక్కలు వేసుకోవద్దు, రావు.

ఎ. టీపీఎస్ (ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్)
బి. డీఎస్ఎస్ (డెసిషన్ సపోర్ట్ సిస్టమ్)
సి. ఈఐఎస్ (ఎగ్జిక్యూటివ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్)
డి. పై మూడూ కాదు

1. ఆర్టీసీ కండక్టర్ టిమ్ మిషన్‌లో స్టేజీ నొక్కి టికెట్ ఇచ్చాడు.

2. విశాఖ కౌంటర్లో ఒకరు, సికింద్రాబాద్ కౌంటర్లో ఇంకొకరు ఒకే క్షణంలో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో మిగిలిన ఆఖరి బెర్తు అడిగారు. బెర్తు ఒకరికే దక్కింది.

3. గుంటూరు యార్డుకు మిర్చి తెచ్చిన రైతు ఇవాళే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అని కొడుకు చేత ల్యాప్‌టాప్‌లో లెక్కలు వేయిస్తున్నాడు.

4. సిమెంటు కంపెనీ ఎండీ ఉదయం కాఫీ తాగుతూ ట్యాబ్ తెరిచాడు. అమ్మకాలు, నగదు నిల్వ, రావాల్సిన బాకీలు ఒకే తెర మీద ఉన్నాయి. బాకీలు ఎర్రగా కనబడితే దాన్ని నొక్కాడు. రాష్ట్రాల వారీగా వచ్చింది. ఇంకోసారి నొక్కితే జిల్లాల వారీగా, ఆపైన డీలర్ల వారీగా.

5. నెల ఆఖరి రోజున 340 మంది కార్మికుల హాజరు, ఓటీ, పీఎఫ్ కోత లెక్కవేసి జీతం వాళ్ల ఖాతాల్లో వేశారు.

6. హోమ్ లోన్ ఆఫీసర్ వడ్డీ అర శాతం పెంచి చూశాడు, గడువు 15 ఏళ్ల నుంచి 20కి మార్చి చూశాడు. ఈ జీతానికి ఎంత అప్పు ఇవ్వవచ్చో ఆ తర్వాత తేల్చాడు.

7. ప్రతి నెలా 5వ తేదీన సేల్స్ మేనేజర్ బల్ల మీదికి వచ్చే పట్టిక: ఏ సేల్స్‌మన్ టార్గెట్ ఎంత, అమ్మింది ఎంత, తేడా ఎంత.

8. ఏటీఎంలో నోట్లు రాలేదు కానీ ఖాతాలో 5,000 తగ్గింది. మూడో రోజున ఆ మొత్తం దానంతట అదే తిరిగి జమ అయింది.

9. సంక్రాంతికి ఏ రూట్లో ఎన్ని స్పెషల్ బస్సులు వేయాలో ట్రాఫిక్ మేనేజర్ గత సంవత్సరాల రద్దీ పెట్టి, డీజిల్ ధర మార్చి మార్చి చూస్తున్నాడు.

10. బోర్డు మీటింగుకు ముందు ఛైర్మన్ సొంత కంపెనీ లాభాలు, పోటీ కంపెనీల ధరలు, పరిశ్రమ పోకడలు పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

11. అదే ఛైర్మన్ ఢిల్లీకి ఫ్లైట్ టికెట్ బుక్ చేసుకున్నాడు.

12. గోడౌన్‌లో సరుకు 50 పెట్టెల కంటే తగ్గగానే సిస్టమ్ సప్లయర్‌కు ఆర్డర్ పంపింది. ఎవరూ ఏ బటనూ నొక్కలేదు.

రెండో భాగం: మూడో ప్రశ్నలోని రైతు లెక్క (5 మార్కులు)

ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలు. రైతు దగ్గర 400 టిక్కీలు ఉన్నాయి, టిక్కీకి 45 కిలోలు. ఇవాళ్టి ధర క్వింటాకు 14,000 రూపాయలు. కోల్డ్ స్టోరేజీ అద్దె టిక్కీకి 200, నాలుగు నెలలు ఉంచినా ఆరు నెలలు ఉంచినా అంతే. చేతికి రాని డబ్బు మీద వడ్డీ ఏడాదికి 12 శాతం. నిల్వలో తరుగు 2 శాతం.

13. ఆరు నెలల తర్వాత అమ్మితే నష్టం రాకుండా ఉండాలంటే క్వింటాకు కనీసం ఎంత ధర రావాలి? (2)

14. నాలుగు నెలలకే అమ్మితే? మిగతావేవీ మారలేదు. (1)

15. ఈ లెక్కలోకి రాని, కానీ రైతు తప్పక ఆలోచించే విషయాలు రెండు రాయండి. (2)

మూడో భాగం: తప్పా, ఒప్పా? ఒక్క వాక్యంలో కారణం (3 మార్కులు)

16. పంపినవాడి ఖాతాలో డబ్బు తగ్గితే చాలు, అందుకోవాల్సినవాడి ఖాతాలో పడకపోయినా ట్రాన్సాక్షన్ పూర్తయినట్టే.

17. మామూలు ఎక్సెల్ షీటు కూడా డీఎస్ఎస్‌గా పనికొస్తుంది.

18. మంచి ఈఐఎస్ కొనుక్కుంటే కింది స్థాయిలో టీపీఎస్ అక్కర్లేదు.

కీ, కొంచెం మాట్లాడుకోవాల్సినవి

మొదటి భాగం: 1 ఎ, 2 ఎ, 3 బి, 4 సి, 5 ఎ, 6 బి, 7 డి, 8 ఎ, 9 బి, 10 సి, 11 ఎ, 12 ఎ.

ఒకటి, ఐదు ఎవరూ తప్పు రాయరు. రెండు మాత్రం కాస్త ఆగి చూడండి. ఒకే బెర్తు ఇద్దరికీ పోకుండా చూడటమే టీపీఎస్ పనితనం. ఒకరి లావాదేవీ నడుస్తున్నంత సేపు ఆ బెర్తుకు తాళం పడుతుంది, రెండోవాళ్లు ఆగాల్సిందే. విమాన టికెట్లకు ఈ పని మొదట పెద్ద ఎత్తున చేసి చూపించింది అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి 1960ల్లో తెచ్చిన సేబర్. అప్పటిదాకా బుకింగ్ ఎక్కువగా కార్డులు, ఫోన్లతోనే.

11లోనే ఎక్కువమంది పడిపోతారు. ఛైర్మన్ అన్న మాట కంటపడగానే చెయ్యి ఈఐఎస్ మీదికి పోతుంది. కూర్చున్న కుర్చీని బట్టి సిస్టమ్ పేరు మారదు, చేస్తున్న పనిని బట్టి మారుతుంది. టికెట్ బుక్ చేయడం ఛైర్మన్‌కైనా ఆఫీస్ బాయ్‌కైనా ఒకే లావాదేవీ: సీటు పోయింది, డబ్బు కట్ అయింది, పీఎన్ఆర్ వచ్చింది.

12కి చాలామంది బి రాశారు. 'ఆర్డర్ పెట్టాలా వద్దా' అన్నది నిర్ణయమే కదా సార్ అని అడిగారు. నిర్ణయమే, కాదనను. కానీ నియమం ముందే రాసి పెట్టేశాం: 50 కంటే తగ్గితే పంపు. అక్కడ తలబద్దలు కొట్టుకోవాల్సింది ఏమీ మిగల్లేదు. ఆ 50 అన్న అంకె 50 ఉండాలా 80 ఉండాలా అని మేనేజర్ కూర్చుని లెక్కలు వేస్తే, అప్పుడది డీఎస్ఎస్. ఈ గీత గీసింది ఎంఐటీకి చెందిన గోరీ, స్కాట్ మోర్టన్. 1971లో వాళ్లు నిర్ణయాలను మూడు రకాలు చేశారు: నియమం పూర్తిగా తెలిసినవి, సగం తెలిసినవి, అసలు తెలియనివి. నియమం పూర్తిగా తెలిసిన చోట మనిషి పక్కకు తప్పుకోవచ్చు. మిగతా రెండు చోట్లా మనిషి ఉండాలి, పక్కన సాయానికి డీఎస్ఎస్ ఉండాలి.

7కి సి రాసినవాళ్లు, బి రాసినవాళ్లు సమానం. అది ప్రతి నెలా ఒకే మూసలో వచ్చే ఎంఐఎస్ నివేదిక. అంకెలు మార్చి చూసే వీలు లేదు, లోపలికి నొక్కుకుంటూ పోయే వీలూ లేదు. వచ్చింది చదవాలి, అంతే. కొన్ని గైడ్లలో దీన్ని టీపీఎస్ కింద రాశారు. టీపీఎస్ దాచిన డేటా నుంచే ఆ పట్టిక వస్తుంది కాబట్టి అలా పొరబడ్డారు, మీరు పడకండి.

8: తిరిగి జమ కావడం కూడా లావాదేవీయే. జరిగిన తప్పును చెరిపేయరు, దానికి ఎదురు ఎంట్రీ వేస్తారు. పాస్‌బుక్ తీసి చూడండి, రెండు లైన్లూ ఉంటాయి. ఇంకో మాట, పరీక్షకు కాదు, బతుక్కి: 2019 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం ఇలాంటి డబ్బు లావాదేవీ జరిగాక ఐదు రోజుల్లోగా తిరిగి వేయకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు మీకు ఇవ్వాలి.

4, 10 రెండూ ఈఐఎస్ అయినా ఒకే రకం కాదు. నాలుగులో పైనుంచి కిందికి తవ్వుకుంటూ పోవడం ఉంది, దాన్నే డ్రిల్ డౌన్ అంటాం. పదిలో బయటి సమాచారం ఉంది. పోటీవాడి ధర మన టీపీఎస్‌లో ఎక్కడా ఉండదు, బయటి నుంచి తెచ్చి పెట్టాలి. పై అధికారులే స్వయంగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నారని రోకార్ట్, ట్రేసీ 1982లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశారు. అప్పట్లో అది వార్త.

రెండో భాగం. మిర్చి మొత్తం 180 క్వింటాళ్లు, ఇవాళ అమ్మితే 25,20,000. అద్దె 80,000. ఆరు నెలల వడ్డీ 1,51,200. మూడూ కలిపితే 27,51,200. తరుగు పోగా మిగిలేది 176.4 క్వింటాళ్లు. భాగిస్తే క్వింటాకు సుమారు 15,597 రూపాయలు. నాలుగు నెలలకైతే వడ్డీ 1,00,800కి తగ్గి, ధర సుమారు 15,311 అవుతుంది. తరుగు మరిచిపోయి 180తో భాగించినవాళ్లకు ఒక మార్కు ఇచ్చాను. షీటులో అయితే ఇలా:

```
B1 = 180      B2 = 14000    B3 = 400
B4 = 200      B5 = 12%      B6 = 6      B7 = 2%
=(B1*B2+B3*B4+B1*B2*B5*B6/12)/(B1*(1-B7))
```

B6లో 6 తీసి 4 పెట్టండి, జవాబు మారిపోతుంది. 'ఇలా అయితే ఏమవుతుంది' అని అడగడమంటే ఇదే. డీఎస్ఎస్‌లో ఉండాల్సిన మూడూ ఇక్కడున్నాయి: పై గడులు డేటా, సూత్రం మోడల్, మీరు అంకె మార్చే తెర ఇంటర్‌ఫేస్.

15కి ఒకే జవాబంటూ లేదు. వచ్చే నెల కూతురి పెళ్లి, అప్పిచ్చిన కమీషన్ వ్యాపారి ఒత్తిడి, ఎగుమతులు ఆగుతాయేమోనన్న భయం, రంగు తగ్గి గ్రేడు పడిపోవడం, ఇలా ఏ రెండు రాసినా పూర్తి మార్కులు. ఒకమ్మాయి 'మా నాన్న పోయినేడు దాచి దెబ్బతిన్నాడు, ఈసారి దాచడు' అని రాసింది. రెండు మార్కులూ వేశాను. నియమం సగమే తెలిసిన నిర్ణయమంటే ఏమిటో నా నోట్సు కంటే ఆ వాక్యమే బాగా చెప్పింది.

16 తప్పు. రెండు వైపులా జరగాలి, లేదా ఏ వైపూ జరగకూడదు. ఆ గుణం పేరు అటామిసిటీ, ఏసీఐడీలో మొదటి అక్షరం అదే. 17 ఒప్పు, పైన చేసి చూపించాం కదా. 1979లో వచ్చిన విసికాల్క్ దగ్గర్నుంచీ ఇది ఉంది. 18 తప్పు. కింద కండక్టర్ టికెట్ కొట్టకపోతే పైన ఎండీ తెర మీద కలెక్షన్ ఎక్కడి నుంచి వస్తుంది?

18కి 'ఈఐఎస్ ఖరీదెక్కువ కాబట్టి' అని కారణం రాసినవాళ్లకు అర మార్కే పడింది. అభ్యంతరం ఉన్నవాళ్లు గురువారం మూడో పీరియడ్ తర్వాత పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకు రండి.