మేష్టారిని వేదిక మీదికి పిలిచే మాటలు

(కాగితం బల్ల మీదే ఉండాలి. రెండు పాదాలూ నేలకి ఆనాలి. ఊపిరి కొంచెం వదిలాక మొదటి మాట.)

అందరికీ నమస్కారం.

నా మాట మెల్లగా వస్తుంది.
నాకు నత్తి ఉంది.
మధ్యలో నేను ఆగితే
మీరు మాట అందించొద్దు.
ఆ మాట నా దగ్గరే ఉంది.
వస్తుంది.

(ఆగు. ముందు వరస వాళ్లని చూడు.)

ఈ వారం లైబ్రరీల వారం.
నవంబరు 14న మొదలైంది.
ఈ 20న ముగుస్తుంది.
ఈ వారం వస్తే
మన వేటపాలెంలో అందరి నోటా
సారస్వత నికేతనం లైబ్రరీ మాటే.

మొదలైన ఏడాది 1918.
ఆ మేడకి మొదటి రాయి వేసింది
మహాత్మా గాంధీ.
ఆ ఏడాది 1929.
ఆయన ఊతకర్ర
ఈనాటికీ అక్కడ ఉంది.

(ఊపిరి.)

మహాత్ముడికీ
ఒకప్పుడు సభ అంటే బెరుకే.
ఇంగ్లండులో చదివే రోజుల్లో
ఒక సభకి
మాటలు రాసుకుని వెళ్లారు.
లేచి నిలబడ్డారు.
ఒళ్లు వణికింది.
ఆ కాగితం
ఇంకొకరు చదివారు.

ఇది నాకు వినిపించింది
మన మేష్టారు.
ఆరో తరగతిలో.
నేను ఏడుస్తున్న రోజు.

(ఇక్కడ తొందర వద్దు. ఒక్కో వరసకీ ఊపిరి.)

రోజూ హాజరు వేళ
నాకు భయం.
అందరూ 'ప్రెజెంట్ సార్' అనాలి.
ఆ 'ప్రె' నాకు రాదు.
నా నంబరు 19.
ఒకటి నుంచి వింటూ
లోలోపల వణికేదాన్ని.
నోరు మూసుకుపోయేది.
వచ్చిన రోజు కూడా
రానట్టే రాశారు, వేరే అయ్యవారు.

మేష్టారు మా తరగతికి వచ్చాక
వారం రోజులు విన్నారు.
నన్ను ఏమీ అడగలేదు.
సోమవారం వచ్చి అన్నారు:
"ఇవాళ్టి నుంచి
అందరూ 'ఉన్నానండీ' అనాలి.
మనం తెలుగు వాళ్లం."

నలభై మందీ అలాగే అన్నారు.
వంతు వచ్చింది.
"ఉన్నానండీ" అన్నాను.
ఆగకుండా వచ్చింది.
మార్పు నా ఒక్కదాని కోసమని
ఎవరికీ తెలియదు.
ఇవాళ మీకు తెలియాలి,
అందుకే నేను లేచాను.

(నీళ్లు. ఒక గుక్క.)

మేష్టారు 31 ఏళ్లు
మన ఊళ్లో తెలుగు నేర్పారు.
రిటైరయ్యారు, ఆగలేదు.
ఏటా ఏడో తరగతి వాళ్లని
వెంట నడిపించుకుని
ఆ లైబ్రరీకి వెళ్తారు.
ఊతకర్ర వద్ద ఆగి
ఆ ఇంగ్లండు సభ మాట వినిపిస్తారు.
వినే వాళ్లలో
నాలాంటి వాళ్లు ఒకరుంటారని
ఆయనకి తెలుసు.

ఇవాళ మన లైబ్రరీల మీద
ఆయన మాట్లాడతారు.

ఆయన్ని నేనొక్కదాన్నే పిలవను.
అందరం ఒకేసారి అందాం.
నాతో అనండి.

(చెయ్యి ఎత్తు. అందరితో కలిసి.)

మేష్టారూ, రండి!